ఆ మాట ఎమ్మాదా, ఆస్టిన్‌దా?

జేన్ ఆస్టిన్ నవల 'ఎమ్మా'లో పదహారో అధ్యాయం మొదట్లో ఉన్న నాలుగు ముక్కలు, నాకు చేతనైన తెలుగులో:

"జుట్టు రింగులు చుట్టడం అయింది, పనమ్మాయిని పంపేయడం అయింది, ఇక ఎమ్మా ఆలోచించుకోడానికీ బాధపడడానికీ కూర్చుంది. ఎంత దిక్కుమాలిన వ్యవహారం! తను కోరుకున్నవన్నీ ఇలా తలకిందులవడమా! ఏది వద్దనుకుందో అదే వచ్చి పడడమా! పాపం హారియెట్‌కి ఎంత దెబ్బ! అన్నిట్లోకీ ఘోరం అదే."

మొదటి వాక్యం చెప్పింది ఎవరో మనకి ఇబ్బంది లేదు. కథ చెప్పే మనిషి గది మూలన నిలబడి చూస్తూ చెబుతోంది, పైగా కాస్త నవ్వుకుంటూ చెబుతోంది. ఎంత బాధలో ఉన్నా జుట్టు పని పూర్తయ్యేదాకా ఆ బాధ ఆగింది చూశారా, అదీ ఆ నవ్వు. బాధపడడం అనేది పడుకునే ముందు చేయాల్సిన పనుల లిస్టులో మూడోది. తన గురించి తను ఎవరూ ఇలా చెప్పుకోరు కాబట్టి ఇది ఎమ్మా మాట కాదు.

మరి రెండో వాక్యం? "ఎంత దిక్కుమాలిన వ్యవహారం!" అన్నది ఎవరు? కొటేషన్ గుర్తులు లేవు. 'అనుకుంది' అని లేదు. కథ చెప్పే ఆవిడ ఒక్క క్షణం కింద చిలిపిగా నవ్వింది, ఇప్పుడు ఉన్నట్టుండి తలబాదుకోదు కదా. తలబాదుకుంటున్నది ఎమ్మాయే. కానీ ఎమ్మా అయితే 'నేను కోరుకున్నవన్నీ' అనాలి, ఇక్కడ 'తను కోరుకున్నవన్నీ' అని ఉంది. అంటే మాట ఎమ్మాది, సర్వనామం కథ చెప్పేవాళ్లది. ఒకే వాక్యంలో ఇద్దరున్నారు.

దీన్నే ఫ్రీ ఇన్‌డైరెక్ట్ డిస్కోర్స్ అంటారు, తెలుగులో స్వేచ్ఛా పరోక్ష కథనం అనుకోవచ్చు. పేరు పరీక్ష పేపర్‌లా భయపెడుతుంది గానీ సంగతి మనం రోజూ చదివే కథల్లో కనిపించేదే. ఇంకో తమాషా ఏంటంటే ఆస్టిన్‌కి ఈ పేరు తెలియదు. నవల 1815 డిసెంబర్‌లో వచ్చింది (లోపలి పేజీ మీద 1816 అని వేశారు), ఈ పద్ధతికి చార్ల్స్ బాయి అనే స్విస్ భాషావేత్త ఫ్రెంచ్‌లో పేరు పెట్టింది 1912లో. సుమారు వందేళ్లపాటు రచయితలు పేరు లేకుండానే దీన్ని వాడుకున్నారు, పాఠకులు పేరు తెలియకుండానే దీనిలో చిక్కుకున్నారు.

కథ చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎమ్మా వుడ్‌హౌస్‌కి ఇరవయ్యొకటో ఏడు నిండబోతోంది, అందం, తెలివి, డబ్బు అన్నీ ఉన్నాయి, పెళ్లి సంబంధాలు కుదర్చడంలో తనంతటిది లేదని నమ్మకం. పదిహేడేళ్ల హారియెట్ స్మిత్‌ని చేరదీసి, ఊళ్లో చర్చి పాస్టర్ మిస్టర్ ఎల్టన్‌తో ఆ పిల్లకి ముడిపెట్టాలని చూస్తుంది. అప్పటికే హారియెట్‌ని అడిగిన రాబర్ట్ మార్టిన్ అనే రైతుని కాదనిపించింది కూడా తనే. క్రిస్మస్ ముందు రోజు రాత్రి విందు నుంచి బగ్గీలో తిరిగి వస్తుంటే, కాస్త వైన్ పుచ్చుకున్న ఎల్టన్ చెయ్యి పట్టుకుని ప్రేమిస్తున్నానని చెబుతాడు, హారియెట్‌తో కాదు, ఎమ్మాతో. ఆ రాత్రే మన జుట్టు రింగుల సీను.

ఇప్పుడు ఒక్క వాక్యం తీసుకుని మూడు రకాలుగా తిప్పి చూద్దాం.

"నేనెంత మోసపోయాను!" అనుకుంది ఎమ్మా. ఇది ప్రత్యక్షం, మాట పూర్తిగా ఎమ్మాదే, గోడ కట్టినట్టు కొటేషన్లు ఉన్నాయి.

తాను చాలా మోసపోయానని ఎమ్మా అనుకుంది. ఇది పరోక్షం. విషయం మిగిలింది, కేక పోయింది. 'ఎంత' కాస్తా 'చాలా' అయి చప్పబడింది.

ఎంత మోసపోయింది తను! ఇదీ మూడోది. 'అనుకుంది' అనే తోక తెగిపోయింది, అందుకే 'స్వేచ్ఛ'. 'నేను' కాస్తా 'తను' అయింది, అందుకే 'పరోక్షం'. కానీ కేక అలాగే ఉంది.

ఇంగ్లీషులో ఇంకో గుర్తు కూడా ఉంటుంది: మనసులో వర్తమానంలో నడిచే ఆలోచన అంతా భూతకాలంలోకి మారిపోతుంది, 'ఈజ్' అన్నది 'వాజ్' అవుతుంది. తెలుగులో ఆ మార్పు తప్పనిసరి కాదు. "వస్తాడని అనుకుంది" అంటాం, 'వస్తాడు' మారదు. అంటే ఇంగ్లీషు పాఠకుడికి దొరికే పెద్ద ఆనవాళ్లలో ఒకటి మనకి లేదు.

దాని బదులు మనకి ఇంకో మంచి సరుకుంది. "సీత తను రేపు వస్తానంది" అనే వాక్యం చూడండి, రోజుకి పదిసార్లు ఇలాంటివి అంటాం. 'తను' ప్రథమ పురుష, 'వస్తాను' ఉత్తమ పురుష. వ్యాకరణం పుస్తకం లెక్కన కర్త ఒకటి, క్రియ ఇంకొకటి, రెండూ పొసగకూడదు. కానీ మనకి చెవిలో ఎక్కడా గుచ్చుకోదు, ఎందుకంటే కర్త చెప్పేవాళ్ల వైపు నుంచి వచ్చింది, క్రియ సీత నోట్లోంచి వచ్చింది. ఇద్దరి గొంతుల్ని ఒక వాక్యంలో కలిపి మాట్లాడడం మనకి ఇంట్లో విద్యే. అయితే దీన్ని అచ్చంగా స్వేచ్ఛా పరోక్షం అనలేం, చివర 'అంది' అనే తాడు ఇంకా కట్టి ఉంది. ఆ తాడు కోస్తే "తను రేపు వస్తాను" అని మిగులుతుంది, అది నిలబడదు, "తను రేపు వస్తుంది" అని మార్చాలి. అప్పుడు ఆ వాక్యం ఎవరిదో తేల్చేది ఒక్క 'తను', ఇంకా ఆ 'రేపు'. కథ చెప్పేవాళ్లు అయితే 'మర్నాడు' అంటారు.

నేను ఒకసారి ఈ అధ్యాయాన్ని తెలుగు చేద్దామని కూర్చున్నాను, సరదాకే. మొదటి డ్రాఫ్ట్ చూసుకుంటే అర పేజీలో ఆరు 'అనుకుంది'లు. చెయ్యి దానంతట అదే రాసేస్తోంది, ప్రతి వాక్యం చివరా ఎవరిదో ముద్ర కొట్టకపోతే పాఠకుడు తికమకపడతాడేమోనని టెన్షన్. అది తిరిగి చదివినప్పుడు తెలిసింది పాడైపోయింది అదేనని. ఆస్టిన్ కావాలని ముద్ర కొట్టకుండా వదిలిన చోటల్లా నేను ముద్ర కొట్టాను. ప్రతి 'అనుకుంది'తోనూ కథ చెప్పే మనిషి తలుపు తోసుకుని లోపలికొచ్చి "ఇది ఎమ్మా అభిప్రాయం సుమా, నాది కాదు" అని చెప్పి వెళుతోంది. అసలు పేజీలో ఆ మనిషి తలుపు దగ్గరకి కూడా రాదు.

రెండో డ్రాఫ్ట్‌లో 'అనుకుంది'లన్నీ తీసేశాను. ఆ అధ్యాయంలోనే కాస్త తర్వాతి భాగం ఇది:

"తను ఇంతలా ఎలా మోసపోయింది! హారియెట్ గురించి అతను ఆ ఉద్దేశంతో ఆలోచించనే లేదట, ఎన్నడూ! వీలైనంత వెనక్కి గుర్తు చేసుకుంది, అంతా గందరగోళం. ఆ ఊహ ముందే తన బుర్రలో దూరింది కాబోలు, ఇక ప్రతిదాన్నీ దానికి తగ్గట్టే వంచుకుంది. అయినా అతని వాలకం కూడా తేటగా లేకుండా, అటూ ఇటూ ఊగుతూ, అనుమానంగానే ఉండి ఉండాలి, లేకపోతే తను ఇలా పొరబడేదే కాదు."

ఇక్కడ కాస్త ఆగుదాం, పదహారో అధ్యాయంలో నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే.

మొదట ఆ 'ఎన్నడూ!' చూడండి. అది ఎవరి మాట? బగ్గీలో ఎల్టన్ అన్న మాట. దాన్ని ఎమ్మా తన బుర్రలో తిరిగి పలుకుతోంది, వెక్కిరింపుగానో నమ్మలేకనో. ఆ ఎమ్మా పలుకుని కథ చెప్పే ఆవిడ ప్రథమ పురుషలో పెట్టి మనకి అందిస్తోంది. మూడు నోళ్లు, ఒక్క మాట. ఇంగ్లీషులో ఇది ఒక డ్యాష్‌తో, ఒక ఆశ్చర్యార్థకంతో సాధించారు. తెలుగులో మనకి 'ట' ఉంది. 'ఆలోచించలేదట' అనగానే మాట ఇంకొకరిదనీ, చెబుతున్నవాళ్లు దానికి పూచీ పడడం లేదనీ ఒక్క అక్షరంలో తేలిపోతుంది. ఈ 'ట' దొరికినప్పుడు, నిజం చెప్పొద్దూ, ఆస్టిన్ కంటే మనమే ఒక మెట్టు పైన ఉన్నామనిపించింది.

తర్వాత 'కాబోలు'. ఇంగ్లీషులో అక్కడ 'షి సపోజ్డ్' అని ఉంది, అంటే అనుకుంది అనే అర్థమే, కానీ వాక్యానికి చివర కాకుండా మధ్యలో ఇరికించారు, నడుస్తూ నడుస్తూ భుజం ఎగరేసినట్టు. ఎమ్మా తప్పు ఒప్పుకుంటోంది, కానీ పూర్తిగా కాదు. 'ప్రతిదాన్నీ దానికి తగ్గట్టే వంచుకుంది' అనేది నిజానికి ఈ నవల మొత్తంలో ఎమ్మా గురించి చెప్పగల సూటి మాటల్లో ఒకటి. కథ చెప్పే ఆవిడ తనే ఈ మాట అనేసి ఉంటే తీర్పు అయ్యేది. ఎమ్మా నోట 'కాబోలు'తో వచ్చింది కాబట్టి సగం ఒప్పుకోలు, సగం తప్పించుకోవడం.

ఆ తప్పించుకోవడం తర్వాతి వాక్యంలో బయటపడుతుంది. 'అతని వాలకం కూడా తేటగా లేకుండా ఉండి ఉండాలి, లేకపోతే తను పొరబడేదే కాదు.' ఈ లాజిక్ ఒకసారి చూడండి. నేను పొరబడను, కానీ పొరబడ్డాను, కాబట్టి తప్పు అతనిది. కథ చెప్పే ఆవిడ ఇక్కడ ఎమ్మాని ఖండించదు, "అని తనకి తను సర్దిచెప్పుకుంది" అని కూడా అనదు. ఆ తర్కాన్ని మామూలు కథనం వేసుకునే బట్టల్లోనే మన ముందు నడిపిస్తుంది. తొందరగా చదివే పాఠకుడు నిజమే కదా అనుకుని దాటిపోతాడు. జాగ్రత్తగా చదివేవాడు ఆ 'ఉండి ఉండాలి' దగ్గర ఆగుతాడు. కథ చెప్పే ఆవిడకి ఎల్టన్ వాలకం ఎలా ఉందో తెలుసు, ఆవిడ ఊహించాల్సిన పని లేదు. 'ఉండి ఉండాలి' అనే ఊహ ఎవరికి అవసరం? ఆ గదిలో కూర్చున్న ఎమ్మాకి.

నాకు పనికొచ్చే పరీక్ష ఇదొక్కటే. వాక్యంలో 'నేను' పెట్టి ఎమ్మా చేత పలికించి చూస్తే సరిపోతుందా, అందులో ఉన్న తెలియనితనం, ఊహ, కోపం, 'ఈరోజు', 'ఇప్పుడు' లాంటి మాటలు గదిలో ఉన్న మనిషికే తగినవా అని అడగాలి. అదే అధ్యాయంలో కాస్త కిందకెళ్తే ఎల్టన్ తనతో అతిగా ప్రవర్తించడం గుర్తొచ్చినా, అదంతా హారియెట్ స్నేహితురాలిగా తన పట్ల గౌరవమే తప్ప మరోటి అని 'ఈ రోజు దాకా' ఒక్క క్షణం కూడా అనుమానించలేదు అని ఉంటుంది. క్రియ గతంలోకి వెళ్లిపోయింది, 'ఈ రోజు' మాత్రం కదల్లేదు. కథ చెప్పేవాళ్లయితే 'ఆ రోజు దాకా' అనేవాళ్లు. గడియారం ఎమ్మాది, వ్యాకరణం ఇంకొకరిది.

ఈ పరీక్ష ప్రతిసారీ తేల్చదు, అది ముందే చెప్పాలి. అందుకు ఉదాహరణ కూడా ఈ అధ్యాయంలోనే ఉంది, దాని దగ్గరకి వస్తాను. ముందు ఒక పొడుపు కథ సంగతి.

తొమ్మిదో అధ్యాయంలో ఎల్టన్ ఒక పద్యం రాసి ఇస్తాడు, పొడుపు కథ లాంటిది, విప్పితే 'కోర్ట్‌షిప్' అని వస్తుంది. చివర్లో 'నీ చురుకైన బుద్ధి'కి జవాబు తట్టేస్తుందని, 'ఆ మృదువైన కంట్లో' ఒప్పుకోలు మెరవాలని ఉంటుంది. ఎమ్మా అప్పుడే ఆగింది ఆ 'చురుకైన బుద్ధి' దగ్గర. హారియెట్‌కి చురుకైన బుద్ధా! మరీ మంచిది, ఇలా వర్ణించాడంటే మనిషి పీకల్లోతు ప్రేమలో ఉండాలి అని సర్దేసుకుంది. పదహారో అధ్యాయంలో అది గుర్తొస్తుంది:

"ఆ పొడుపు కథ సంగతే చూడు, 'చురుకైన బుద్ధి' అన్నాడు, మరి 'మృదువైన కళ్లు' అనీ అన్నాడు. నిజానికి ఇద్దరిలో ఎవరికీ నప్పలేదు, రుచీ నిజమూ లేని కలగాపులగం. అలాంటి మొద్దు రాతలో అర్థం ఎవరు పట్టగలరు?"

ఎవరు పట్టగలరు అంటే, ఎమ్మా పట్టగలిగేదే, దాదాపు పట్టింది కూడా. చురుకైన బుద్ధి ఆ గదిలో ఎవరిదో తొమ్మిదో అధ్యాయం చదివిన ఎవరికైనా తెలుసు. పైగా పదమూడో అధ్యాయంలో ఎమ్మా బావగారు జాన్ నైట్లీ, ఎల్టన్ చూపు నీ మీదే ఉన్నట్టుంది జాగ్రత్త అని మొహం మీదే చెప్పాడు, ఎమ్మా నవ్వి కొట్టిపారేసింది. ఇవేవీ కథ చెప్పే ఆవిడ ఇక్కడ గుర్తు చేయదు. ప్రశ్నార్థకం పెట్టి వదిలేస్తుంది. ప్రశ్న ఎమ్మాది, ఆ ప్రశ్నకి జవాబు మన దగ్గరుంది. మామూలు కథనంలో "ఎమ్మా తన తప్పుని పద్యం మీదకి నెట్టింది" అని ఒక వాక్యం రాస్తే పని అయిపోతుంది, కానీ అప్పుడు పట్టుకున్నది రచయిత్రి అవుతుంది. ఇలా వదిలేస్తే పట్టుకున్నది మనం. చాలామంది ఆస్టిన్ చదువుతుంటే తాము చాలా తెలివైనవాళ్లమనిపిస్తుంది అంటారు, ఆ అనిపించడం వెనక ఉన్న మరమేకు ఇదే.

ఇక్కడో పొరపాటు జరుగుతుంది, నేనూ చేశాను. పద్ధతి అర్థమైన కొత్తలో, ఎమ్మా గొంతు వినిపించిన ప్రతి వాక్యమూ తప్పే అని కొట్టేయాలనిపిస్తుంది. పాత్ర మాట అని తేలితే చాలు, అబద్ధం అనే ముద్ర. అది చెల్లదు. ఎల్టన్ మీద కోపంతో ఎమ్మా బుర్రలో తిరిగే ఈ వాక్యం చూడండి:

"అతనికి కావాల్సింది హోదా, డబ్బు పెంచుకోవడం, అంతే. హార్ట్‌ఫీల్డ్ వుడ్‌హౌస్ వారమ్మాయి, ముప్పై వేల పౌన్ల వారసురాలు, అతను ఊహించినంత తేలిగ్గా దక్కకపోతే, త్వరలోనే ఇరవై వేలున్న ఇంకో మిస్ ఫలానా కోసమో, పది వేలున్న ఫలానా కోసమో చూసుకుంటాడు."

హార్ట్‌ఫీల్డ్ వుడ్‌హౌస్ వారమ్మాయి! తన గురించి తనే, రాత్రి ఒంటరిగా, ఇంటిపేరు, బంగళా పేరు, ఆస్తీ కలిపి ఆలోచించుకుంటోంది. దెబ్బతిన్న అహం ఎలా లేచి నిలబడి చీర సర్దుకుంటుందో (ఆవిడది చీర కాదనుకోండి) ఆ పిలుపులో ఉంది. మిగిలిన ఆడపిల్లలందరూ పేరు లేని 'ఫలానా'లు, పక్కన ఒక అంకె. ఈ గర్వం కథ చెప్పే ఆవిడది కాదు, ఆవిడ దాన్ని మనకి చూపించి నవ్విస్తోంది. కానీ ఆ జోస్యం? అక్షరాలా నిజమైంది. కొన్ని వారాలకే ఎల్టన్ బాత్ వెళ్లి మిస్ హాకిన్స్ అనే ఆవిడతో పెళ్లి ఖాయం చేసుకుని వస్తాడు, ఆవిడ ఆస్తి గురించి నవల అనేది, ఎప్పుడూ పదివేలు అని చెప్పుకోడానికి సరిపోయేన్ని వేలు అని. గొంతులో అహంకారం ఉంది, చూపులో తప్పు లేదు. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి, ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని కొట్టేయడం కుదరదు.

ఇక తేలని వాక్యం. ఇదే అధ్యాయం మధ్యలో:

"మొదటి తప్పు, అన్నిటికన్నా పెద్ద తప్పు, తనదే. ఏ ఇద్దరినైనా కలపడానికి అంత చొరవ తీసుకోవడం బుద్ధి తక్కువ, అది తప్పు."

దీన్ని ఎమ్మా చేత పలికించొచ్చు, అతికినట్టు సరిపోతుంది. కథ చెప్పే ఆవిడ చేత పలికించొచ్చు, అదీ సరిపోతుంది. ఆవిడ నవల మొదటి పేజీ నుంచీ ఈ మాట అనడానికే ఎదురుచూస్తున్నట్టుంది. ఊహ లేదు, 'ఈరోజు' లేదు, కేక లేదు. ఇద్దరూ ఒకే అభిప్రాయానికి వచ్చారు కాబట్టి గీత కనబడదు. గీత ఉందో లేదో కూడా చెప్పలేం.

దీనికి ముందు ఒక ఆధారం ఉంది. 'కాసేపు వీరంగం ఆడాక, నిజాయితీ కోసమైనా ఆగి ఒప్పుకోక తప్పలేదు' అని కథ చెప్పే ఆవిడ బయటినుంచి అంటుంది. వీరంగం అనే మాట ఆవిడదే, కోపంలో ఉన్నవాళ్లు తమ కోపాన్ని వీరంగం అనుకోరు. ఏం ఒప్పుకుంది? ఎల్టన్‌తో తను అంత చనువుగా, మర్యాదగా మెలగడం వల్ల అతను ఆశపడితే ఆశ్చర్యం లేదని. తను అతని మనసుని అంతగా తప్పు చదివినప్పుడు, స్వార్థం కళ్లు కప్పిన అతను తన మనసుని తప్పు చదివాడని వింతపడే హక్కు తనకి లేదని. ఇక్కడ ఎమ్మా నిజంగానే ఎదుగుతున్నట్టు అనిపిస్తుంది, వాక్యాలు కూడా కేకలు మాని పొడుగ్గా, సర్దుకున్నట్టు సాగుతాయి. ఆ ఊపులోనే 'బుద్ధి తక్కువ, అది తప్పు' వస్తుంది. ఇక ఈ తీర్పు ఇద్దరిదీ అని మనం కూడా సంతకం పెట్టేస్తాం.

అప్పుడు ఆస్టిన్ కొటేషన్ గుర్తులు తెరుస్తుంది. ఎమ్మా పైకే మాట్లాడుతుంది, హారియెట్‌ని ఈ మనిషి వైపు నేనే కదా నెట్టాను, ఆ పిల్లకి ఇంకెవరున్నారు, విలియం కాక్స్... అబ్బే, విలియం కాక్స్‌ని నేను భరించలేను, పొగరుబోతు కుర్ర లాయరు! ఇక జన్మలో సంబంధాలు చూడను అని ఒట్టు పెట్టుకున్న కాసేపటికే ఇంకో పెళ్లికొడుకుని తూకం వేస్తోంది. సిగ్గుపడి తన మీద తనే నవ్వుకుంటుంది. అది చదివాక వెనక్కి వెళ్లి 'బుద్ధి తక్కువ, అది తప్పు' మళ్లీ చదివితే అది కథ చెప్పే ఆవిడ తీర్పులా వినిపించదు, ఆ రాత్రి పదకొండింటికి ఎమ్మా నిజాయితీగా నమ్మి, పదకొండూ ఐదుకి మర్చిపోయిన మాటలా వినిపిస్తుంది. మాట మారలేదు. గొంతు మారింది. మొదటిసారి చదివినప్పుడు ఇద్దరిదీ అనుకోవడం తప్పని నేననను, అలా అనుకోవాలనే అది అలా రాసి ఉంది.

నా డ్రాఫ్ట్‌లో ఆ వాక్యం దగ్గర 'తనదే' అని రాయాలా, 'ఆమెదే' అని రాయాలా అని చాలాసేపు కొట్టుకున్నాను. తెలుగులో 'తను' అంటే చూపు ఎమ్మా లోపల్నుంచి, 'ఆమె' అంటే బయటి నుంచి. ఇంగ్లీషులో ఒక్క 'హర్' రెండింటికీ సరిపోతుంది, ఆ చోట ఎవరినీ పట్టివ్వదు. మన భాష 'ట', 'కాబోలు'లతో ఎంత సాయం చేసిందో ఇక్కడ అంత ఇరుకున పెట్టింది, ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. కర్తని మొత్తానికే ఎగరగొట్టి "మొదటి తప్పు, పెద్ద తప్పు, ఇక్కడే జరిగింది" అందామా అని కూడా చూశాను, కానీ అప్పుడు ఎమ్మా పూచీ తగ్గిపోయింది. చివరికి 'తనదే' ఉంచాను. సగం ఓడిపోయినట్టే.

ఈ గీత కనబడకపోవడం చదువుకునేవాళ్ల తలనొప్పి మాత్రమే కాదు, ఒకసారి కోర్టుకి కూడా ఎక్కింది. ఫ్రాన్స్‌లో ఫ్లోబేర్ నవల 'మదామ్ బోవరీ' పత్రికలో వచ్చాక, 1857 జనవరి చివర్లో, మతానికీ నీతికీ భంగం కలిగించిందని పారిస్‌లో కేసు నడిచింది. ప్రాసిక్యూటర్ ఎర్నెస్ట్ పినార్ ఎత్తిచూపిన చోట్లలో ఒకటి, ఆ కథలోని ఎమ్మా (ఈవిడా ఎమ్మాయే, కాకతాళీయం) మొదటిసారి భర్తని కాదని ప్రియుడితో గడిపి వచ్చి అద్దం ముందు నిలబడే ఘట్టం. ఇన్నాళ్లూ ఆశ వదులుకున్న ప్రేమ సుఖాలు ఇక తనకి దక్కబోతున్నాయి, అంతా మోహం, పరవశం, ఉన్మాదం అయిన ఏదో అద్భుతంలోకి తను అడుగుపెడుతోంది అని ఉంటుంది అక్కడ, 'అనుకుంది' లేకుండా. ఇది వ్యభిచారానికి స్తోత్రం అన్నాడు పినార్, పైగా ఈ పుస్తకంలో ఈ ఆడదాన్ని ఖండించగల మనిషి ఒక్కరైనా ఉన్నారా అని అడిగాడు. ఫిబ్రవరి 7న ఫ్లోబేర్ నిర్దోషిగా బయటపడ్డాడు, తీర్పులో చీవాట్లు మాత్రం తప్పలేదు. చాలా కాలం తర్వాత జర్మన్ విమర్శకుడు హాన్స్ రాబర్ట్ యౌస్ ఈ కేసుని ఈ పద్ధతి వైపు నుంచే వివరించాడు: ఆ వాక్యాలు కథకుడి నమ్మకం కావు, నవలల్లో చదివిన ప్రేమని తాగి ఉన్న ఒక మనిషి నమ్మకం, ఆ తేడా చెప్పే ముద్ర వాక్యం మీద లేదు. నా మటుకు పినార్ మరీ మొద్దుగా చదివాడని అనిపించదు. తనకి తీర్పు చెప్పే గొంతు కావాలి, వెతికాడు, దొరకలేదు. దొరకలేదన్న మాట నిజమే.

మళ్లీ మన ఎమ్మా దగ్గరకి. రాత్రి గడిచింది. ఉదయం గురించి ఆస్టిన్ ఇలా అంటుంది: ఎమ్మాలాంటి వయసుకీ, సహజంగా ఉండే హుషారుకీ, రాత్రి ఎంత దిగులున్నా తెల్లారేసరికి ఉత్సాహం తిరిగి రాకుండా ఉండదు. ఈ వాక్యం దగ్గర సందేహమే లేదు. ఎప్పుడైనా ఎవరికైనా వర్తించే మాటలా ఉంది, ఎమ్మాని వయసు వైపు నుంచి, బయటి నుంచి, పెద్దావిడ చూసినట్టు చూస్తోంది. కథ చెప్పే ఆవిడ రాత్రంతా పక్కకి తప్పుకుని ఇప్పుడు తిరిగి వచ్చి కిటికీ తెర తీసింది.

తెర తీస్తే బయట నేలంతా మంచు. ఎల్టన్, హారియెట్, ఎమ్మా, ముగ్గురూ ఎవరిళ్లలో వాళ్లు ఉండిపోవాల్సిందే, మొహాలు చూసుకునే ఇబ్బంది లేదు. తర్వాతి వాక్యం:

"వాతావరణం తనకి ఎంతో అనుకూలంగా ఉంది, క్రిస్మస్ రోజే అయినా చర్చికి వెళ్లడానికి లేదు."

చర్చిలో ప్రసంగం చెప్పేది ఎల్టనే కదా. పండగపూట చర్చికి వెళ్లలేకపోవడాన్ని 'అనుకూలం' అంటున్నది ఎవరు? లోపల ఊపిరి పీల్చుకున్న ఎమ్మా అయ్యుండొచ్చు, ఆ ఊపిరి విని మొహం కదల్చకుండా చెబుతున్న కథకురాలు అయ్యుండొచ్చు. డ్రాఫ్ట్‌లో అక్కడ ఇంకా పెన్సిల్‌తో రెండు రకాలుగానూ రాసి ఉంది, 'తనకి' మీద 'ఆమెకి', 'ఆమెకి' మీద ఒక కొట్టివేత.